ఒకసారి అమీబా ఉందంటారు, మరోసారి ఏమీ లేదంటారు: ఏ మల పరీక్షను నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఏడు వారాలుగా రోజుకు నాలుగైదుసార్లు విరేచనం అవుతోంది. రక్తం లేదు, జ్వరం లేదు. లేత పసుపు రంగులో, జిడ్డుగా, భరించలేని వాసనతో పడుతోంది. ఎన్ని నీళ్ళు పోసినా ఒక పట్టాన పోదు. కడుపు ఉబ్బరం, కుళ్ళిన గుడ్డు వాసనతో త్రేన్పులు. 5 కిలోలు తగ్గాను. మల పరీక్ష మూడుసార్లు చేయించాను. మొదటిసారి ఏమీ లేదన్నారు. రెండోసారి "ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు కనిపించాయి" అని రాశారు. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు చొప్పున 5 రోజులు వాడాను. సగం తగ్గి, పది రోజులకు మళ్ళీ మొదలైంది. కోర్సు అయిపోయిన మూడో రోజున చేయించిన పరీక్షలో మళ్ళీ ఏమీ లేదు. నాకు అమీబియాసిస్ మొండికేసిందా? అదే కోర్సు మళ్ళీ వాడమంటారా?

సమాధానం: అదే కోర్సు మళ్ళీ మొదలుపెట్టకండి. మీరు రాసిన లక్షణాలు అమీబావి కావు, జియార్డియావి. రెండోసారి కనిపించిన సిస్టులు నిజంగానే ఉండి ఉండవచ్చు. కానీ మీ బాధకు కారణం అవే అనుకోవడానికి ఆధారం చాలా తక్కువ. ఇది అర్థం కావాలంటే ఈ రెండు ఏకకణ జీవులు పేగులో ఎక్కడ కాపురం పెడతాయో, అక్కడ ఏం చేస్తాయో ముందు తెలియాలి.

జియార్డియా ఉండేది చిన్నపేగు పైభాగంలో, అంటే జీర్ణాశయం దాటగానే వచ్చే భాగంలో. కోసిన బేరిపండు ముక్కలా ఉండి, పొడవు ఓ 12 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది. పొట్టవైపు గిన్నెలాంటి ఒక పళ్ళెం ఉంటుంది. దానితో పేగు గోడకు అతుక్కుంటుంది. గోడను తొలుచుకుని లోపలికి పోదు. కానీ అది అతుక్కున్న చోట పేగు లోపలి పొరకు ఉండే వేళ్ళలాంటి మడతలు పొట్టిబారతాయి. ఆ కణాల అంచున ఉండే జీర్ణరసాలు తగ్గిపోతాయి. కొవ్వు పీల్చుకునే పని ఎక్కువగా జరిగేది ఈ చిన్నపేగులోనే కాబట్టి, తిన్న నూనె, నెయ్యి అరగకుండా కిందికి జారిపోతాయి. మలం లేతరంగులో, జిడ్డుగా, అంటుకుపోయేలా ఉండటానికి కారణం అదే. అరగని చక్కెరలు పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాసు తయారుచేస్తుంది. ఉబ్బరం, వాసన దాని వల్లే. గోడకు గాయం కాదు కాబట్టి రక్తం రాదు, సాధారణంగా జ్వరమూ ఉండదు. తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి బరువు తగ్గుతుంది. ఇక్కడొక చిన్న సంగతి: మలం నీటి మీద తేలిందంటే కొవ్వు ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. తేలడానికి లోపలి గ్యాసు ఒక్కటే చాలు. నీటి మీద నూనె పొరలా మెరుపు కనిపించడం, గిన్నెకు జిడ్డుగా పట్టుకుని వదలకపోవడం, ఇవీ కొవ్వుకు గుర్తులు.

అమీబా సంగతి వేరు. దాని సిస్టు, అంటే గట్టి గోడ కట్టుకుని నిద్రపోతున్న రూపం, నీటి ద్వారానో ఆహారం ద్వారానో కడుపులోకి వెళ్ళి చిన్నపేగు చివర విచ్చుకుంటుంది. అందులోంచి బయటపడిన కదిలే రూపం, ట్రోఫోజోయిట్, పెద్దపేగులో స్థిరపడుతుంది. సోకినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందిలో అది పేగు లోపలి జిగురును, బాక్టీరియాను తింటూ ఏ బాధా పెట్టకుండా ఉండిపోతుంది. మిగతావాళ్ళలో జిగురు పొరను దాటి పేగు కణాలను పట్టుకుంటుంది. తన మీదున్న ఒక మాంసకృత్తితో వాటికి అతుక్కుని, బతికున్న కణాన్నే కొంచెం కొంచెంగా కొరికి తిని చంపుతుంది. అలా పైన సన్నని నోరు, లోపల వెడల్పాటి పొట్ట ఉన్న పుండు తయారవుతుంది. కూజాను మధ్యకు కోసి చూసినట్టు ఉంటుంది. ఈ పుండ్ల నుంచి కారే రక్తం, జిగురు కలిసి వచ్చేవే అమీబా విరేచనాలు. ఒక్కో విరేచనం పరిమాణం తక్కువ, కానీ సార్లు ఎక్కువ. అయిపోయాక కూడా ఇంకా ఏదో మిగిలినట్టు ముక్కాలనిపిస్తుంది. ఒక్క రోజులో ఉరుములా వచ్చి పడదు, ఒకటి నుంచి మూడు వారాల్లో మెల్లగా ముదురుతుంది.

పెద్దపేగు పని నీరు, లవణాలు పీల్చుకోవడం. కొవ్వుతో దానికి సంబంధం లేదు. కాబట్టి పెద్దపేగులో ఎన్ని అమీబాలున్నా మలం జిడ్డుగా మారదు. ఏడు వారాలుగా జిడ్డు మలం, బరువు తగ్గడం, రక్తం చుక్క కూడా లేకపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే జబ్బు చిన్నపేగులో ఉందని చెప్పాలి. మీ డాక్టరు రిపోర్టు ముందు పెట్టుకుని మందు రాశారు. రిపోర్టు పక్కన పెట్టి లక్షణాలను చూసుంటే దారి వేరేగా ఉండేదని నా అభిప్రాయం.

మరి రిపోర్టులో అమీబా అని ఎందుకు వచ్చింది? ఎంటమీబా హిస్టోలిటికాకు అచ్చు గుద్దినట్టు ఉండే కవల జీవి ఒకటుంది, దాని పేరు ఎంటమీబా డిస్పార్. సిస్టు పరిమాణం అదే, ముదిరాక నాలుగు కేంద్రకాలూ అవే. ఎంత అనుభవమున్నవాళ్ళైనా మామూలు సూక్ష్మదర్శినితో ఈ రెండు సిస్టులను వేరు చేయలేరు. తేడా మాత్రం పెద్దదే: డిస్పార్ పేగు గోడ జోలికి పోదు, దానికి మందు అక్కర్లేదు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎమిల్ బ్రూంప్ట్ 1925లోనే ఇవి రెండు వేర్వేరు జీవులని చెప్పాడు. రూపంలో తేడా చూపించలేకపోవడంతో ఎవరూ ఒప్పుకోలేదు. ఎంజైములు, జన్యువులు పరిశీలించాక 1993లో డైమండ్, క్లార్క్ ఆ విభజనను ఖాయం చేశారు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం ఇలాంటి సిస్టులు కనిపించినప్పుడు రిపోర్టులో "హిస్టోలిటికా లేదా డిస్పార్" అని రెండు పేర్లూ రాయాలని, లక్షణాలు లేనివాళ్ళకు ఆ ఒక్క ఆధారంతో మందు ఇవ్వకూడదని సూచించింది. ఇప్పటికీ చాలా ల్యాబులు ఒక్క హిస్టోలిటికా పేరే రాసి పంపుతున్నాయి. ఆ పేరు చూసిన రోగి తనకు అమీబియాసిస్ ఉందని భయపడతాడు. సూక్ష్మదర్శినితో కొంత గట్టిగా చెప్పగలిగే సందర్భం ఒకటే ఉంది: కదిలే అమీబా కడుపులో ఎర్ర రక్తకణాలు కనిపించినప్పుడు. అది హిస్టోలిటికా అనడానికి బలమైన సూచన. మీ రిపోర్టులో ఉన్నవి సిస్టులు మాత్రమే.

"మెట్రోనిడజోల్ వాడితే సగం తగ్గింది కదా, అమీబా కాకపోతే ఎలా తగ్గుతుంది" అనే అనుమానం మీకు రావచ్చు. ఆ మందు జియార్డియా మీద కూడా పనిచేస్తుంది. మీరు వాడిన మోతాదు, 400 మిల్లీగ్రాములు మూడు పూటలా 5 రోజులు, జియార్డియాకు పెద్దలకు ఇచ్చే మోతాదే. అంటే అమీబా పేరు మీద మీకు తెలియకుండానే జియార్డియా వైద్యం జరిగింది. అది పూర్తిగా పనిచేయకపోవడం అరుదేమీ కాదు. కొన్నిసార్లు జియార్డియా ఆ మందుకు లొంగదు. కొన్నిసార్లు మందుతో పోయినదే అదే నీటి ద్వారానో ఇంట్లో మరొకరి నుంచో తిరిగి వస్తుంది. కాబట్టి మందుకు తగ్గడాన్ని బట్టి ఫలానా జీవి అని తేల్చడానికి వీల్లేదు.

ఇక మొదటి, మూడో పరీక్షల సంగతి. "ఏమీ లేదు" అన్న మాటకు అర్థం తెలియాలంటే ల్యాబు బల్ల దగ్గర జరిగేది చూడాలి. గాజు పలక మీద ఒకవైపు ఉప్పునీటి చుక్క, ఇంకోవైపు అయోడిన్ చుక్క వేస్తారు. అగ్గిపుల్ల మొనకు అంటినంత మలం, సుమారు 2 మిల్లీగ్రాములు, ఒక్కో చుక్కలో కలిపి పైన పల్చటి గాజు మూత పెడతారు. ఆ పలక కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలి. చిక్కగా ఉంటే చెత్త వెనకాల సిస్టు దాక్కుంటుంది, మరీ పల్చగా ఉంటే చూడటానికే ఏమీ ఉండదు. ఉప్పునీటి వైపు కదిలే రూపాలను వెతుకుతారు. జియార్డియా అయితే రాలే ఆకులా పల్టీలు కొడుతూ పోతుంది. అమీబా ఒక పక్కకు వేలులా సాగి, మిగతా ఒళ్ళంతా అందులోకి ప్రవహించినట్టు ఒకే దిక్కుగా ముందుకు జరుగుతుంది. అయోడిన్ వైపు సిస్టులు చూస్తారు. అయోడిన్ తగిలితే కదిలే రూపాలు చచ్చిపోతాయి, కానీ సిస్టులోని కేంద్రకాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రోజు మీరు విసర్జించినది 200 గ్రాములు అనుకుంటే, గాజు పలక మీద ఒక్కో చుక్కలోకి వచ్చింది 2 మిల్లీగ్రాములు, అంటే లక్షవ వంతు. దాన్ని ఒక మనిషి కొద్ది నిమిషాలు చూసి చెబుతాడు. పైగా జియార్డియా సిస్టులు రోజూ ఒకేలా బయటికి రావు. ఒకరోజు గుంపులుగా వస్తాయి, ఆ తర్వాత కొన్ని రోజులు దాదాపు కనిపించవు. నిజంగా జియార్డియా ఉన్నవాళ్ళలో ఒక్క నమూనా చూస్తే పట్టుబడేది 50 నుంచి 70 శాతం మందిలోనే. రోజు విడిచి రోజు తీసిన మూడు నమూనాలు చూస్తే 90 శాతం దాకా వస్తుంది. అమీబా విషయంలో ఒక్క నమూనాతో పట్టుబడే అవకాశం ఇంకా తక్కువ. మీ మొదటి రిపోర్టుకు విలువ అంతే. "ఈ చుక్కలో కనిపించలేదు" అని దాన్ని చదువుకోవాలి.

మూడో రిపోర్టు దానికన్నా బలహీనమైనది. కోర్సు అయిన మూడో రోజునే నమూనా ఇచ్చారు. మందు పడ్డాక మిగిలిన జీవుల సంఖ్య బాగా తగ్గుతుంది, కానీ సున్నా అవ్వాలని లేదు. అవి మళ్ళీ పెరిగి మీకు లక్షణాలు తెచ్చేలోపే మీ నమూనా వెళ్ళిపోయింది. ఇలాంటి మందులు వాడితే రెండు, మూడు వారాలు ఆగి పరీక్ష చేయాలి. విరేచనాలకు వాడే బిస్మత్ మందులు, ఎక్స్‌రే కోసం తాగించే బేరియం కూడా నమూనాను పాడుచేస్తాయి. వాటి తర్వాత కనీసం వారం, పది రోజులు ఆగాలి.

మందు ఆపి మీకు రెండు వారాలు దాటి ఉంటే ఈసారి పరీక్ష ఇలా చేయించండి. వెడల్పాటి మూతి ఉన్న, శుభ్రమైన పొడి డబ్బాలు మూడు తీసుకోండి. నమూనా మరుగుదొడ్డి నీళ్ళలోంచి తీయకండి, అందులో మూత్రం కలవనివ్వకండి. రెండూ కదిలే రూపాలను చంపుతాయి. ముందు మూత్రవిసర్జన చేసి, తర్వాత పొడి పాత్రలో మలం పట్టి, అందులోంచి పెద్ద చెంచాడు డబ్బాలోకి తీయండి. జిడ్డుగా, జిగటగా, రక్తంగా ఉన్న భాగం ఏదైనా ఉంటే అది తప్పకుండా రావాలి. డబ్బా మీద తేదీతో పాటు విరేచనమైన సమయం కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఆ సమయమే, ల్యాబులో పనికొచ్చేది కూడా అదే. పల్చటి మలాన్ని అరగంటలోపు చూడాలి, మెత్తటిదాన్ని గంటలోపు. ఆలస్యమైతే కదిలే రూపాలు ఆగిపోయి చితికిపోతాయి, మిగిలింది చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. గట్టిగా ఉన్న మలంలో సిస్టులు మాత్రమే ఉంటాయి కాబట్టి అది ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజు ఇచ్చినా ఫర్వాలేదు. పల్చటిదాన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ల్యాబు దూరమైతే ముందుగానే అక్కడి నుంచి నిల్వ ద్రావణం ఉన్న సీసా తెచ్చుకుని, ఒక పాలు మలానికి మూడు పాళ్ళ ద్రావణం ఉండేలా వేసి బాగా కలపండి. ముద్దగా వదిలేస్తే మధ్య భాగానికి ద్రావణం అందదు. మూడు నమూనాలూ రోజు విడిచి రోజు, పది రోజుల్లోపు ఇవ్వండి.

ఇచ్చేటప్పుడు మీ డాక్టరు చేత చీటీలో రెండు మాటలు రాయించండి. ఒకటి, మలాన్ని సాంద్రీకరించి చూడమని. అంటే ఫార్మలిన్, ఈథర్ కలిపి తిప్పి, తేలే చెత్తను తీసేసి, అడుగున చేరిన సిస్టులను చూడటం. ఆ 2 మిల్లీగ్రాముల బదులు ఓ గ్రాము మలంలో ఉన్నవి ఒకచోట చేరతాయి. రెండోది, జియార్డియా యాంటీజెన్ పరీక్ష. ఇందులో జీవి కనిపించనక్కర్లేదు, దాని మాంసకృత్తిని రసాయనం పట్టుకుంటుంది. కాబట్టి చూసేవాళ్ళ కంటి అనుభవం మీద ఆధారపడదు, ఒక్క నమూనాతోనే సూక్ష్మదర్శిని కన్నా చాలా ఎక్కువ మందిలో పట్టుకుంటుంది. మీ విషయంలో ఒకే పరీక్ష చేయించగలిగితే అదే చేయించమంటాను.

అమీబా సంగతి కూడా తేల్చుకోవాలనుకుంటే యాంటీజెన్ పరీక్షలోనే ఒక మెలిక ఉంది. కొన్ని కిట్లు హిస్టోలిటికాకు, డిస్పార్‌కు తేడా చెప్పలేవు. అలాంటి కిట్‌లో పాజిటివ్ వస్తే మీరు మళ్ళీ మొదటికే వస్తారు. హిస్టోలిటికాను ప్రత్యేకంగా గుర్తించే కిట్టేనా అని ల్యాబులో అడగండి. ఆ కిట్లలో కొన్నింటికి తాజా మలమో, గడ్డకట్టించి ఉంచిన మలమో కావాలి. ఫార్మలిన్ తగిలితే అవి పనిచేయవు. కాబట్టి నిల్వ ద్రావణంలో వేయని భాగం కొంత విడిగా ఉంచండి. ఈ రెండింటినీ అన్నిటికన్నా ఖాయంగా వేరుచేసేది పిసిఆర్. అది కుదిరే చోట ఇక వాదన అక్కర్లేదు. రక్తంలో అమీబా యాంటీబాడీ పరీక్ష మాత్రం మీకు ఉపయోగపడదు. అమీబా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఎప్పుడో సోకి పోయినవాళ్ళలో కూడా అది ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

ఫలితాన్ని బట్టి తర్వాతి దారి చెబుతాను, మందులు మాత్రం మీ డాక్టరు మిమ్మల్ని చూసి రాయాలి. జియార్డియా అని తేలితే, మెట్రోనిడజోల్ ఒకసారి విఫలమైంది కాబట్టి టినిడజోల్ 2 గ్రాములు ఒకే మోతాదుగా భోజనంతో ఇవ్వవచ్చు, లేదా నిటాజోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు భోజనంతో 3 రోజులు. టినిడజోల్ మెట్రోనిడజోల్ కుటుంబానిదే, నిటాజోక్సనైడ్ వేరే జాతి మందు. ఒక కుటుంబం పనిచేయనప్పుడు రెండో దానికి మారడమే నాకు సబబుగా తోస్తుంది. టినిడజోల్ తీసుకుంటే ఆ రోజూ తర్వాత మూడు రోజులూ మద్యం ముట్టకూడదు.

హిస్టోలిటికా ఉందని ప్రత్యేక పరీక్షలో తేలితే, లక్షణాలకు కారణం అది కాకపోయినా వదిలేయకూడదు. ఇవాళ ఊరుకున్నది రేపు గోడలోకి చొరబడవచ్చు, కాలేయానికి చేరవచ్చు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు మెట్రోనిడజోల్‌తో సరిపెట్టడం. ఆ మందు చిన్నపేగులోనే దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి కణజాలంలోని అమీబాలను బాగా చంపుతుంది, పేగు బోలులో మిగిలిన సిస్టులను వదిలేస్తుంది. అందుకే దాని తర్వాత రక్తంలోకి పెద్దగా పీల్చుకోబడకుండా పేగులోనే పనిచేసే మందు, పారోమోమైసిన్ 7 రోజులో డైలాక్సనైడ్ 500 మిల్లీగ్రాములు మూడు పూటలా 10 రోజులో, విడిగా వాడాలి. గోడకు ఏమీ కాకుండా సిస్టులు మాత్రమే ఉన్నవాళ్ళకు ఇలా పేగులోనే పనిచేసే మందు ఒక్కటే చాలు.

మూడు నమూనాల్లోనూ, యాంటీజెన్ పరీక్షలోనూ ఏమీ రాకపోతే జియార్డియా అన్న నా అంచనా తప్పని ఒప్పుకోవాలి. అప్పుడు గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష, క్లోమం పనితీరు పరీక్ష చేయించాలి. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే సీలియాక్ జబ్బూ తెలుస్తుంది, మల పరీక్షకు చిక్కని జియార్డియా కూడా ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. జిడ్డు మలానికి, 5 కిలోల తగ్గుదలకు కారణం దొరికేదాకా వెతకాలి. "పేగు బలహీనత" అని సర్దుకోకండి.

ఈలోగా మలంలో రక్తం, జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వీటిలో ఏది మొదలైనా ఈ అంచనాలన్నీ మారిపోతాయి, వెంటనే చూపించుకోండి. అమీబా వల్ల కాలేయంలో చీముగడ్డ వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ సమయంలో విరేచనాలే ఉండవు, మల పరీక్షలో కూడా ఏమీ దొరకదు. అక్కడ దారి చూపేది అల్ట్రాసౌండ్. రక్త విరేచనాలను పేగుపూత జబ్బు అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు కూడా అమీబా లేదని తేల్చుకుని తీరాలి. ఉన్నప్పుడు స్టెరాయిడ్లు ఇస్తే పుండ్లు లోతుకు దిగి పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. సూక్ష్మదర్శినితో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. బాక్టీరియా వల్ల వచ్చే రక్త విరేచనాల్లో పెద్ద రక్షక కణాలు ఎర్ర కణాలను మింగి, కంటికి అమీబాలా కనిపిస్తాయి. చుట్టూ చీముకణాలు గుట్టలుగా ఉంటే అమీబా అనడానికి ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అమీబా తన దగ్గరికి వచ్చిన చీముకణాలను చంపేస్తుంది కాబట్టి, అది తెచ్చే విరేచనంలో అవి తక్కువగానే కనిపిస్తాయి.

మందు పడ్డాక తిరగబెట్టకుండా ఉండాలంటే నీటి సంగతి చూడాలి. జియార్డియా సోకడానికి పది సిస్టులు చాలు. మామూలుగా నీటిలో కలిపే క్లోరిన్ ఈ సిస్టుల మీద అంత నమ్మకంగా పనిచేయదు. తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే చచ్చిపోతాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి విరేచనాలు ఉంటే వాళ్ళకూ పరీక్ష చేయించండి, లేకపోతే మీరు తగ్గించుకున్నది వాళ్ళ నుంచి మీకు తిరిగి వస్తుంది.

ఇంకొక్క మాట. జియార్డియా పోయాక కూడా కొన్ని వారాల పాటు ఉబ్బరం, పల్చటి విరేచనం ఉండవచ్చు. దెబ్బతిన్న పేగు పొరలో పాల చక్కెరను అరిగించే ఎంజైము తిరిగి రావడానికి సమయం పడుతుంది. ఇది చూసి మందు పనిచేయలేదని మూడో కోర్సు, నాలుగో కోర్సు మింగేవాళ్ళు ఉన్నారు. మందు అయ్యాక నాలుగు వారాల పాటు పాలు, పాలతో చేసినవి పూర్తిగా మానేసి చూడండి. దానితో సర్దుకుంటే జీవి పోయినట్టే, పాలను మెల్లగా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పాలు మానినా జిడ్డు మలం ఆగకపోతే, మందు అయిన రెండు వారాల తర్వాత యాంటీజెన్ పరీక్ష మళ్ళీ చేయించండి. పిసిఆర్ చేయించేటట్టయితే అంతకన్నా ముందు వద్దు, చచ్చిన జీవి జన్యుపదార్థాన్ని కూడా అది పట్టుకోగలదు.